రిసెప్షన్ పిల్ల పలకరింపు

మా ఆసుపత్రి రిసెప్షన్ పిల్ల, గుమ్మంలోకి ఎవరొచ్చినా లేచి, "కంగారు పడకండి, మీకేం కాదు," అంటుంది. హెడ్ నర్సుగా నేను నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను: "ముందు నమస్కారం పెట్టి కూర్చోబెట్టు. ఎందుకొచ్చారో అడుగు. ధైర్యం తర్వాత చెబుదువుగాని." వింటేనా!

ఈ ఉదయం ఫ్యాను బాగుచేయడానికి మెకానిక్ వచ్చాడు.

"కంగారు పడకండి, మీకేం కాదు," అంది.

అతని చేతిలోని నిచ్చెన దబ్బున పడింది. "నాకేమైందమ్మా?"

బీపీ చూస్తే నిజంగానే చుక్కల్లో ఉంది. మంచమెక్కించాం. కబురు తెలిసి అతని భార్య రొప్పుతూ వచ్చింది.

ఈసారి పిల్ల నావైపోసారి చూసి, బుద్ధిగా నమస్కారం పెట్టి కుర్చీ జరిపింది. "కూర్చోండమ్మా. ఎవరి కోసం వచ్చారు?"

"ఫ్యాను మెకానిక్ మా ఆయనే. ఏమైందమ్మా ఆయనకి?"

"ఏం లేదండీ. నేను పలకరించానంతే."