ముబారక్ చెప్పకూడని ఇల్లు

మా కొత్త ఏడాది పండగ నౌరూజ్‌కి మూడు రోజుల ముందు మా ఆయన ఫోను నా చేతికొస్తుంది. ఏడాది పొడుగునా దాన్ని బోర్లా పెట్టుకుని తిరిగే మనిషి, అప్పుడు మాత్రం "ఇంద, అందరికీ రాసిపెట్టు" అని, కర్టెన్లు ఉతుకుతున్న నా తడిచేతుల్లో పెట్టేసి వెళ్లిపోతాడు. అందరూ అంటే నూట పన్నెండు మంది. అందరికీ ఒకే మాట పంపితే మర్యాదగా ఉండదు. ఆఫీసు పెద్దలకి "నౌరూజెతాన్ పీరూజ్" అనాలి, మీ నౌరూజ్ జయప్రదం కావాలని, హుందాగా. స్నేహితులకి "ఈద్ ముబారక్" పక్కన చిన్న చమత్కారం ఉండాలి. మేనమామలకీ మేనత్తలకీ అసలు రాయకూడదు, ఫోన్ చేసి, మీ నీడ మా తలల మీద నుంచి తగ్గకూడదు అనాలి. చిన్నవాళ్లే ముందు చెయ్యాలి. అదీ ఏడాది మారే క్షణం దాటాకే. ముందే ముబారక్ అంటే, ముందస్తుగా అంటున్నానని ఓ మాట కలపాలి, లేకపోతే ఎంత తొందరో అని నవ్వుతారు. ఇవన్నీ తెలిసినదాన్ని నేను. కింద సంతకం మాత్రం "ఇరజ్, కుటుంబం". ఆ కుటుంబం నేనే.

కిందటేడు వాళ్ల డైరెక్టరు తనకొచ్చిన శుభాకాంక్షని మీటింగులో చదివి వినిపించాడట. "ఇరజ్‌కి ఇంత భాష ఉందని తెలీదే!" అన్నాడట. మా ఆయన ఆ సంగతి నాకే చెప్పి మురిసిపోయాడు. ఒళ్లు మండిపోయింది. సాహిత్యం చదివి రెండేళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని. అత్తగారికి తుంటి విరిగినప్పుడు "ఆర్నెల్లు మానెయ్, ఏం కొంప మునగదు" అన్నాడు. పన్నెండేళ్లయింది. అత్తగారు లేచి శుభ్రంగా తిరుగుతున్నారు.

ఈసారి జాబితాలో ఒక పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. పక్క ఫ్లాటు మోనీర్ ఖానుమ్. ఆవిడ భర్త హష్మత్ గారు ఏడు నెలల కిందట గుండెపోటుతో పోయారు. చావు జరిగిన ఇంటికి మొదటి నౌరూజ్ అది. ఆ ఇంటికి ముబారక్ చెప్పరు. నల్లబట్టలతో వెళ్లి కూర్చుని, మిఠాయి బదులు హల్వా, ఖర్జూరం నోట్లో వేసుకుని, "గమె ఆఖరెతాన్ బాషద్", ఇదే మీ చివరి దుఃఖం కావాలి, అని లేచి వస్తారు.

"ఏమ్మాయ్, పక్కింటికి పొరపాట్న ముబారక్ అని పంపేవు!" అన్నారు అత్తగారు, అద్దం తుడుస్తున్న నా వెనకాల నిలబడి.

"తెలుసండీ అత్తయ్యా."

"తెలిస్తే మంచిదే. ఆ డైరెక్టరు స్వయానా హష్మత్‌కి అన్నగారు. ఆయన చెవిన పడిందంటే మావాడి ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించుకో."

ఆలోచిస్తూనే ఉన్నాను. ఉద్యోగం గురించి కాదు. మాకూ వాళ్లకీ మధ్య గోడ పల్చన. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ఏడాది మారుతుంటే, అవతల ఏదో పగిలేది. తర్వాత చెంపదెబ్బ చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినపడేది కాదు, అదే ఎక్కువ భయంగా ఉండేది. "ఆ టీవీ కాస్త పెంచు" అనేవారు అత్తగారు. పెంచేదాన్ని. మర్నాడు పొద్దున్నే పళ్లెం పట్టుకుని వెళ్లి, తలగుడ్డ కనుబొమల దాకా లాక్కున్న మోనీర్‌ని ముద్దు పెట్టుకుని, "సద్ సాల్ బె ఈన్ సాల్‌హా" అనేదాన్ని. ఇలాంటి ఏళ్లు మీరు వంద చూడాలి! ఆనవాయితీ ప్రకారం అందరం అనే మాటే. పదకొండుసార్లు ఆ మనిషిని అలా దీవించాను. ఛీ, నాదీ ఒక నోరేనా? ఆవిడ మాత్రం "మీరూ అలాగే" అని టీ పోసేది. దారిలో మా అత్తగారు, "చూశావా, మావాడు ఏనాడైనా చెయ్యెత్తాడా? ఇంకేం కావాలే నీకు?" అనేవారు. ఆ మాటకి నేను కృతజ్ఞతగా తలూపేదాన్ని కూడాను.

తివాచీ దులపడానికి డాబా మీదికి వెళ్తే మోనీర్ అక్కడే ఉంది. నల్లతలగుడ్డ, చేతిలో కర్ర. ఈ ఏడు తివాచీ తనొక్కతే మోసుకొచ్చినట్టుంది.

"అందరూ చివరి దుఃఖం కావాలంటున్నారు గుల్‌నూష్ జాన్," అంది. "నాలో దుఃఖం ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను. దొరకట్లేదు. పాపిష్టిదాన్ననుకుంటావేమో."

"అయ్యో, అనుకోనండీ."

"ఏడాది మారే వేళకి సమాధి దగ్గర ఉండాలట, బావగారు కారు పంపుతారట. మోకాళ్లు నొప్పన్నాను. పండక్కని గోధుమ మొలకలు పోశాను తెలుసా? ఎవరైనా చూస్తారని బీరువాలో దాచా. వెలుతురు లేక పాలిపోయాయి." నవ్వింది. ముందు పన్ను సగం విరిగి ఉందని నాకు అప్పుడే తెలిసింది. పదకొండేళ్లలో ఆవిడ నా ముందు నోరు తెరిచి నవ్వలేదు. "ఎవరైనా ఒక్కళ్లు ముబారక్ అంటే బాగుండును. ఒక్కళ్లు చాలు."

 పిరికిదాన్ని, తివాచీ చుట్టుకుని దిగి వచ్చేశాను.

ఈసారి ఏడాది మారేది సాయంత్రం ఏడు గంటల మూడు నిమిషాల ఇరవయ్యారో సెకనుకి. బల్ల మీద పండక్కి పెట్టే వెల్లుల్లి, ఆపిలు, వెనిగరు, పుల్లటి సుమాకు పొడి అన్నీ సర్దాను. "మోనీర్‌కి ఏం రాశావో చూపించు," అన్నాడు ఇరజ్. చదివి, "ఆఁ, చివరి దుఃఖం, బాగుంది. క్షణం కాగానే అన్నీ కొట్టెయ్, లైన్లు జామవుతాయి. ముందు డైరెక్టరుకి," అన్నాడు. టీవీలో దువా మొదలైంది. హృదయాలను మార్చేవాడా, మా స్థితిని మార్చు అని అందరం గొణిగాం. ఒక చేతిలో ఆయన ఫోను, ఒక చేతిలో నాది. ఏడాది మారిందని టీవీలో ఫిరంగి పేలింది, సన్నాయి అందుకుంది.

నా ఫోన్లో కొత్త ఏడాది ముబారక్ రాశాను. "సాలె నౌ ముబారక్, మోనీర్ ఖానుమ్. గుల్‌నూష్." వందేళ్ల మాట కలపలేదు. గుండ్రటి గుర్తు తిరిగి తిరిగి, ఎట్టకేలకి వెళ్లింది.

"డైరెక్టరుకి వెళ్లిందా?" అన్నాడు ఇరజ్.

"లేదు. పక్కింటికి పంపాను, నా ఫోన్నించి. ముబారక్ అని."

"నా నెత్తిన మన్ను!" అత్తగారు చెంపలు వాయించుకున్నారు. "ఆయన కఫను గుడ్డ ఇంకా ఆరలేదు కదే!"

"నీకేమన్నా మతిపోయిందా? పొరపాటున వచ్చిందని ఇప్పుడే ఇంకోటి పెట్టు. డైరెక్టరు చూశాడంటే నన్ను రోడ్డున నిలబెడతాడు!" అన్నాడు ఇరజ్.

"పొరపాటు కాదు," అన్నాను. ఆయన ఫోను ఆపిలు పక్కన పెట్టాను. నూట పన్నెండూ అందులో అలాగే ఉన్నాయి.

అప్పుడు నా ఫోను మోగింది. మోనీర్ జవాబు.

"నా ఇంటికి మొట్టమొదటి ముబారక్ నీదే తల్లీ. మరి నీ సొంత నౌరూజ్‌కి నేను ఎప్పుడు చెప్పను?"

"ఏమంటోంది? ఏడుస్తోందా?" అన్నాడు ఇరజ్, అవతలి గోడకేసి చూస్తూ.

ఆయనకి జవాబివ్వలేదు. ఆవిడకే ఇచ్చాను.

"తేదీ నేనే చెప్తాను," అని రాశాను.