ఓడలో చోటుకు బేరం

ఆదోని పత్తి యార్డులో హనుమన్న బేరం చేస్తుంటే చూడడానికి జనం నిలబడేవారు. తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని ధర చెప్పడం అందరూ చేసేదే. హనుమన్న గొప్పతనం వేళ్లలో లేదు, ఓపికలో ఉంది. పొద్దున బండితో వచ్చిన రైతుకు ఒక ధర చెప్పేవాడు. రైతు తల అడ్డంగా ఊపితే "సరేలేప్పా, నీ ఇష్టం" అని తన కమీషన్ మండీ అరుగెక్కి, వక్కాకు వేసుకుని కూర్చునేవాడు. పొద్దు గుంకే వేళకు, నిండు బండిని మళ్లీ ఊరికి తోలుకుపోలేక ఆ రైతే అరుగు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. అప్పటికి పొద్దుటి ధర కూడా ఉండేది కాదు. ఈ ఒక్క విద్య చాలు, భూమి మీద ఏ సరుకైనా కొనొచ్చు, ఏ మనిషినైనా వంచొచ్చు అని హనుమన్న నమ్మకం.

అంతటి విద్య యార్డులోనే ఉండిపోతే ఎలా? పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో అతను యెమ్మిగనూరులో మగ్గాలవాళ్లను కుదుర్చుకుని, టేబుల్ మీద పరిచే గుడ్డలు నేయించి, మద్రాసు మీదుగా జర్మనీకి పంపే వ్యాపారం పెట్టాడు. బేళ్లు లారీలో మద్రాసు రేవుకు పోతే అక్కడ ఇరవై అడుగుల ఇనప పెట్టెలో, అదే కంటైనర్‌లో, సర్ది ఓడ ఎక్కించేవారు. కొలంబో దాకా చిన్న ఓడ, అక్కడి నుంచి పెద్ద ఓడ. హనుమన్న సముద్రాన్ని చూసింది ఒక్కసారే. అది కూడా అతనికి నచ్చలేదు. ఉప్పు నీళ్లకు ఇంత హడావుడా అన్నాడు.

ఎనభై ఏడు జనవరిలో వాదిరాజ వచ్చాడు. మంత్రాలయం పక్కనున్న మాధవరం వాడే, మద్రాసులో ఒక ఓడల ఏజెంటు దగ్గర పని. మంత్రాలయంలో దర్శనం చేసుకుని, పోతూ పోతూ యెమ్మిగనూరులో తులసీబాయి గోడౌన్లో కూర్చున్నాడు. భర్త పోయాక ఆయన మొదలుపెట్టిన నేత ఎగుమతిని ఆమే నడుపుతోంది. హనుమన్నకు కూడా కబురు పెట్టారు.

"ఏడాది కాంట్రాక్టు," అన్నాడు వాదిరాజ. "నెలకొక కంటైనర్ మా ఓడకే ఇస్తామని మీరు రాసియ్యల్ల. ఇయ్యకపోతే ఖాళీ చోటుకు కూడా కిరాయి కట్టల్ల. దానికి బదులు, ఏడాది పొడుగునా ఒకటే కిరాయి, పదిహేను నూర్ల డాలర్లు. ఓడలో మీ చోటు మీకుంటాది."

"కాంట్రాక్టు లేకుండా పోతే?" అన్నాడు హనుమన్న.

"అది స్పాట్ రేటు. ఏ ఓడకు ఆ ఓడే. ఇప్పుడైతే వెయ్యి లోపలే ఉంది."

హనుమన్న గోడౌనంతా వినిపించేలా నవ్వాడు. "వెయ్యికి దొరికేదాన్ని పదిహేను నూర్లు పెట్టి కొనేకి నాకేమన్నా పిచ్చి పట్టిందా స్వామీ? ఇదేనా నువ్వు మద్రాసులో నేర్చుకున్నేది?"

తులసీబాయి కళ్లజోడు పెట్టుకుని కాగితం ఆసాంతం చదివి సంతకం చేసింది.

"ఏమమ్మా, ఓడను జీతానికి పెట్టుకుంటాండారా?" అన్నాడు హనుమన్న.

"అట్లే అనుకోండి," అంది ఆమె.

ఆ తర్వాతి నెలలన్నీ హనుమన్నవే. సరుకు లేని కాలం అది. లారీని మద్రాసు పంపి, ఓడ ఇంకొక రోజులో తలుపులు మూస్తుందనగా ఫోను చేసేవాడు. అటు ఓడ సగం ఖాళీ. నిండినా నిండకపోయినా ఓడకు నూనె అంతే కాలుతుంది, రేవులో కట్టేది అంతే. ఓడ కదిలిందంటే ఖాళీ చోటు ఇక ఎవరికీ అమ్ముడుపోదు. ఎక్కించి దించే కూలి పోను నాలుగు డాలర్లు మిగిలినా మేలే అని ఓడ కంపెనీలు ఒకరి మీద ఒకరు పడి ధర దించేవి. తొమ్మిది వందలు ఎనిమిదైంది, ఎనిమిది ఏడైంది.

దిగిన ప్రతిసారీ హనుమన్న బస్సెక్కి యెమ్మిగనూరు వచ్చేవాడు. తులసీబాయి గోడౌన్ ముందు ఆగి, లోపలికి పోకుండా, వీధి వినేటట్టు, "అమ్మా, ఇదే ఓడ, ఇదే పెట్టె, మీ కిరాయిలో సగానికే పోతాండాది నా సరుకు. మీ పెట్టెకేమన్నా మెత్త పరుపు వేస్తారా లోపల?" అనేవాడు. ఆమెకు బాధ లేదని కాదు. ఆమె దగ్గర కొనే కంపెనీ కూడా ధర తగ్గించమని ఉత్తరం మీద ఉత్తరం రాస్తోంది. ఆమె మాత్రం నెలకొక కంటైనర్, తప్పకుండా, పదిహేను వందలకే పంపింది. ఊళ్లో ఆమెను చూసి జాలిపడడం కూడా మొదలుపెట్టారు.

జూన్‌లో హనుమన్నకు హాంబర్గ్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. క్రిస్మస్ పండుగకు టేబుల్ గుడ్డలు. ఎర్రగళ్లు, ఆకుపచ్చగళ్లు, అంచు పొడుగునా కొమ్ముల జింకలు. ఓడ కిరాయి కూడా కలిపి ధర చెప్పమన్నారు. హనుమన్న ఏడు వందల కిరాయి లెక్కన చెప్పాడు. ఏడు వందలే ఎప్పటికీ ఉంటుందని అతనికి ఎవరు మాటిచ్చారో తెలియదు. నూలుకు మండీని బ్యాంకులో తాకట్టు పెట్టాడు. కొనేవాళ్ల బ్యాంకు పంపిన హామీ కాగితంలో ఒక్క షరతు ఉంది: సెప్టెంబరు ఆఖరుకల్లా సరుకు ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే హామీ చెల్లదు. పండుగ దాటిపోయాక కొమ్ముల జింకలను ఎవరు కొంటారు? ఆదోనిలో పంచెలుగా కట్టుకోరు, యెమ్మిగనూరులో దుప్పట్లుగా కప్పుకోరు.

ఆగస్టులో ఫోను మోగింది.

"హనుమన్నా, స్పాట్ పద్నాలుగు నూర్లయింది," అన్నాడు వాదిరాజ. "ఇప్పుడే మాట ఇస్తే చోటు పెడతాను."

"నాకేనా సెప్పేది? ఎంతమంది రైతులను చూళ్లేదు నేను! ఓడ కదిలే ముందర దిగుతావులే."

"ఈసారి దిగేది లేదు. పండుగ సరుకు అందరిదీ ఒక్క కాలంలోనే వస్తాంది. మొన్న నష్టాలొచ్చినాయని కొలంబో ఓడలు రెండిట్లో ఒకదాన్ని వేరే దావకు మళ్లించినారు."

"అయితే ఇంకొకటి తెప్పించండి."

"ఓడంటే ఎద్దుల బండా అన్నా, పక్కూర్నుంచి బాడుగకు తెచ్చేకి? ఇంకో దావలో తిరిగేదాన్ని మళ్లించల్లంటే నెలలు పడతాది. కొత్తది కట్టల్లంటే ఏండ్లు."

"వంద పెట్టెలు పోయే చోట రెండు వందలొచ్చినాయా ఏమి, అంత గొంతు చించుకుంటాండావు?"

"నూట పది వచ్చినాయి. ఆ పది మంది మిగిలిపోతామని భయపడి ఎక్కువ పెడతారు. దాంతో మిగతా స్పాట్ వాళ్లందరికీ పెరుగుతాది."

హనుమన్న ఫోను పెట్టేసి అరుగెక్కి కూర్చున్నాడు. వక్కాకు వేసుకున్నాడు. ఎదుటివాడే తన దగ్గరికి రావాలన్నది అతని సిద్ధాంతం. సిద్ధాంతం గొప్పదే. కాకపోతే అరుగెక్కింది తానేనా, బండి దగ్గర నిలబడింది తానా అన్నది ముందు చూసుకోవాలి. అది చూసుకునే అలవాటు అతనికి లేదు. ముప్పై ఏళ్లుగా అరుగు అతనిదే.

ఓడ కదిలే ముందు రోజు ఫోను చేశాడు. పద్దెనిమిది వందలన్నారు. ఛీ అన్నాడు. ఓడ నిండి పోయింది. తర్వాతి ఓడకు రెండు వేలు దాటింది. సెప్టెంబరు నడిమికల్లా అతను ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు గంటలు కూర్చుంటుంటే యార్డంతా అతని అరుపులు వింటోంది. మద్రాసులో జింకల బేళ్లు రేవు దగ్గర గిడ్డంగిలో పడి ఉన్నాయి. నెలాఖరుకు ముందు కదిలే ఓడ ఒక్కటే మిగిలింది.

"వాదిరాజా, రెండు వేలే ఇస్తానప్పా. పెట్టు."

"సాయంత్రం సెప్తాను హనుమన్నా."

"సాయంత్రమెందుకు?"

"ఇంకొకరు అడిగినారు. చూసి సెప్తాను."

ఆ మాట తన నోట ఎన్నిసార్లు వచ్చిందో హనుమన్నకు గుర్తొచ్చిందో లేదో గానీ, సాయంత్రం దాకా ఆగలేదు. బస్సెక్కి యెమ్మిగనూరు పోయాడు. ఈసారి వీధిలో నిలబడకుండా గోడౌన్ లోపలికి పోయాడు. తులసీబాయి లారీకి బేళ్లు ఎక్కిస్తోంది.

"అమ్మా, ఈ నెల మీ చోటు నాకియ్యండి. మీ కిరాయికి పైన ఎంతన్నా ఇస్తాను."

"నా సరుకు యాడికి పోవల్ల?"

"వచ్చే ఓడకు."

"నా దగ్గర కొనేవాళ్లకు పండుగ లేదా హనుమన్నా?"

"ఒక్క పెట్టె అమ్మా!"

"నాకున్నదీ ఒక్క పెట్టే. రెండోది అడిగితే నాకు కూడా స్పాట్ రేటే సెప్పినారు. పైగా నా కాంట్రాక్టు మీద ఇంకొకరి సరుకు ఎక్కనియ్యరు." ఆమె లారీ మీది కూలీకి తాడు బిగించమని చెప్పి, ఇటు తిరిగింది. "ఎండాకాలమంతా వీధిలో నిలబడి అడిగితిరి కదా, ఎక్కువ ఎందుకు కడతాండారని. సరుకు మోసినందుకు ఒక్కటే కాదు. ఓడలో చోటు నాదని అట్టిపెట్టేకి. ఖాళీగా ఉన్నప్పుడు దానికి విలువ లేదు, నాకూ తెలుసు. మీరు నవ్వింది ఖాళీగా ఉన్నప్పుడు."

"రేటు పడిపోయే ఉంటే మీరు మునిగేవాళ్లు కాదా?"

"మునిగేదాన్నే. కాగితం చదివే సంతకం పెట్టినాను."

హనుమన్న ఆమెను లోలోపల ఏమేం తిట్టాడో రాయనక్కర లేదు. అక్కడి పోస్టాఫీసు నుంచే మద్రాసుకు, ఎక్కువ కడితే వెంటనే కలిపే లైట్నింగ్ కాల్ చేశాడు.

"చోటుంది," అన్నాడు వాదిరాజ. "కాంట్రాక్టు వాళ్లకని అట్టిపెట్టింది ఒకటి. కొత్తగా కాంట్రాక్టు రాసుకునేవాళ్లకు ఇయ్యమన్నారు పైవాళ్లు. నెలకొకటి, ఏడాది పొడుగునా. రెండు వేల మూడు నూర్లు."

"జనవరిలో పదిహేను నూర్లే కదప్పా!"

"అది జనవరి."

కాంట్రాక్టు ధర కూడా స్పాట్ వెనకే నడుస్తుందని, ఎక్కువలో రాసుకుంటే ఎక్కువే ఏడాదంతా మెడకు పడుతుందని వినే ఓపిక అప్పుడు హనుమన్నకు లేదు. మండీ ఒక్కటే కళ్ల ముందుంది. రాత్రి రైలుకు మద్రాసు పోయి సంతకం చేశాడు. చదవలేదు. జింకలు ఓడ ఎక్కాయి. బ్యాంకు డబ్బిచ్చింది, మండీ విడిపించుకున్నాడు. లాభమని మిగలాల్సింది ఓడ తినేసింది.

రేటు పెరిగిందని విని ఎక్కడెక్కడి కంపెనీలూ తమ ఓడలను ఈ దారికి తిప్పాయి. పండుగ అయిపోయింది, సరుకు తగ్గింది. ఫిబ్రవరికల్లా ఓడలు ఎక్కువ, పెట్టెలు తక్కువ. స్పాట్ తొమ్మిది వందలకు దిగింది. తులసీబాయి కాంట్రాక్టు గడువు అప్పటికే తీరింది. ఏడాదిలో ఒక్క నెల కూడా తప్పని మనిషి కాబట్టి పన్నెండు వందలకు కొత్తది రాసిచ్చారు. హనుమన్న మాత్రం నెల నెలా రెండు వేల మూడు వందలు కట్టి ఒక కంటైనర్ పంపుతున్నాడు. సరుకు లేని నెల ఖాళీ చోటుకు కట్టాడు.

ఒకరోజు యార్డులో తిమ్మప్ప అనే తోటి వ్యాపారి అడిగాడు. "అన్నా, నేను కూడా గుడ్డలు పంపుదామనుకుంటాండాను. ఓడ కిరాయి బయట శానా దిగిందంట కదా?"

హనుమన్న అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"బయటిది ముట్టుకోవద్దు," అన్నాడు. "ఏ ఓడకు ఆ ఓడ దగ్గర చెయ్యి చాపేది సిల్లర జనం చేసే పని. పెద్ద యాపారం చేసేవాళ్లు కాంట్రాక్టే రాసుకుంటారు. నన్ను చూడు."

తిమ్మప్ప చూశాడు. "నీకెంత పడతాంది అన్నా?"

హనుమన్న వక్కాకు పొట్లం విప్పి అతని ముందుకు జరిపాడు.