ఎనిమిది వేళ్ళ వలయం

"గుండ్రటి బల్ల లెక్కలు నువ్వు వదిలెయ్ చౌడేశ్వరీ" అన్నాడు రహంతుల్లా సార్. "కండ్లుండేవాళ్ళే తలలు పట్టుకుంటాండారు. ఐదు మార్కులు పోతే పోనీలే. మిగిలినవి బాగా చేసుకో."

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు తర్ఫీదిచ్చే సార్లు డజన్ల కొద్దీ ఉన్నారు. రహంతుల్లా సార్ వాళ్ళలో మంచివాడు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది, జాలిపడి సగం దారిలోనే దింపేస్తారు. చౌడేశ్వరికి పుట్టుకతోనే చూపు లేదు. జాలి మాత్రం కావలసినంత దొరికింది. కిందటేడు గ్రామీణ బ్యాంకు పరీక్షలో ఉద్యోగం ఒకటింపావు మార్కుతో పోయింది. ఆ ఏడు కూడా ఆమె ఈ సార్ మాటే విని గుండ్రటి బల్లల్ని వదిలేసింది.

"ఈసారి వదల్ను సార్" అంది.

"బొమ్మ గీయకుండా ఎట్ల చేస్తావమ్మా? ఎనిమిది మంది బల్ల చుట్టూ ఉంటారు. కొందరు బల్లవైపు చూస్తాంటారు, కొందరు బల్లకు వీపు పెట్టుకోనుంటారు. యావడు యాడుండాడో బోర్డు మీద గీసి గీసి నాకే చేయి నొస్తాంది."

"మీరు బోర్డు మీద గీస్తారు. నేను వేళ్ళమీద కూర్చోబెడతా. ఒకటి చెప్పండి సార్, చూద్దాం."

క్లాసంతా నవ్వింది. సార్ ఒక లెక్క చదివాడు. చౌడేశ్వరి రెండు చేతులూ బల్లమీద బోర్లించింది. బొటనవేళ్ళు తీసేస్తే ఎనిమిది వేళ్ళు, ఎనిమిది మంది మనుషులు. ఎడమచేతి చిటికెన వేలి నుంచి కుడిచేతి చిటికెన వేలి దాకా వరస. అక్కడినుంచి మళ్ళీ మొదటికి చుట్టు తిరిగినట్టు లెక్క. బల్ల నడిమి భాగం తన ఒళ్ళోనే ఉన్నట్టు అనుకుంటుంది. లోపలికి చూసేవాడైతే వేలు మడుస్తుంది, బయటికి చూసేవాడైతే చాస్తుంది. చాచిన వేలు ఆమె ఎటు చూస్తే అటే చూస్తుంది కాబట్టి దాని ఎడమ ఆమె ఎడమే. మడిచిన వేలు ఆమెకు ఎదురుగా చూస్తుంది కాబట్టి దాని ఎడమ ఆమెకు కుడి. గుర్తు పెట్టుకోవలసింది ఇంతే.

సార్ ముప్పావు బొమ్మ గీసేసరికి ఆమె జవాబు చెప్పేసింది. క్లాసు నవ్వడం మానేసింది. "నేనేం మాట్లాడ్ను తల్లీ, నీ ఇష్టం" అన్నాడు సార్. ఓడిపోయినందుకు ఆయనకు సంతోషంగానే ఉంది.

చూపు లేనివాళ్ళకు పరీక్షలో పక్కన కూర్చుని, తెరమీద ఉన్నది చదివి, చెప్పిన జవాబు నొక్కడానికి ఒక మనిషిని పెట్టుకోనిస్తారు. ఆ లేఖకురాలు అభ్యర్థి కన్నా ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలని షరతు. చౌడేశ్వరిది డిగ్రీ. వాళ్ళన్న మద్దిలేటి భార్య సుంకులమ్మది ఇంటర్. ఇంటర్లో మంచి మార్కులొచ్చినా పెళ్ళితో చదువు అక్కడికి ఆగిపోయింది. అందుకే వదినే లేఖకురాలు అయింది. రోజూ ఆడబిడ్డ చేయి పట్టుకుని కోచింగుకు తీసుకొస్తుంది, రెండు గంటలు పక్కనే కూర్చుంటుంది, మళ్ళీ ఇంటికి తీసుకుపోయి సంగటి కెలుకుతుంది.

మద్దిలేటి గట్టిగానే చెప్పాడు. "చౌడీ, ఇది మూడోసారి. ఈసారి రాకపోతే కోచింగు బంద్. ఇంట్లో కూర్చోని ఊదొత్తులు చుట్టు."

"నాకు ఊదొత్తుల వాసన పడదులేన్నా" అంది చౌడేశ్వరి. ఆమె ధీమా అలాంటిది.

అయితే పరీక్షకు నెల ముందు ఒక వింత మొదలైంది. నమూనా పరీక్షల్లో ఆమె గుండ్రటి బల్లలు తప్పుతున్నాయి. అందరూ లోపలికి చూసేవైతే కరెక్టు. వరసగా కూర్చునేవైతే కరెక్టు. కొందరు లోపలికి, కొందరు బయటికి ఉన్నాయంటే చాలు, ఐదుకి ఐదూ గల్లంతు. తన ఉంగరపు వేలు సరిగ్గా చాపడం లేదేమోనని అనుమానపడి, అన్నం తింటూ కూడా ఆ వేలిని సాధన చేయించింది.

"వదిలెయ్‌మ్మే, సార్ చెప్పినాడు గదా" అంది సుంకులమ్మ ఒకరోజు. "నేను ఎంత బాగా చదివి చెప్పినా నీకు వస్తాలేదు."

"వస్తాది వదినా. నా వేళ్ళకు నామీద కోపమేం లేదు."

పరీక్ష కర్నూలులో. ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. లేఖకురాలు చదవాలి, నొక్కాలి, అంతకు మించి పెదవి కదపకూడదు. పర్యవేక్షకుడు ఆ మాట మూడుసార్లు చెప్పాడు, మూడోసారి కుర్చీ లాక్కుని వాళ్ళ వెనకే కూర్చున్నాడు.

చిన్న ప్రశ్నలు హాయిగా జరిగిపోయాయి. తర్వాత సుంకులమ్మ గొంతు సవరించుకుని చదివింది. "పి, క్యూ, ఆర్, ఎస్, టి, యు, వి, డబ్ల్యు అనే ఎనిమిది మంది ఒక గుండ్రని బల్ల చుట్టూ కూర్చున్నారు. కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తున్నారు."

చౌడేశ్వరి చేతులు బోర్లించింది.

"పి లోపలికి చూస్తున్నాడు. పి కి ఎడమవైపు మూడో స్థానంలో క్యూ ఉన్నాడు."

పి ని ఎడమచేతి చిటికెన వేలిమీద కూర్చోబెట్టి మడిచింది. మడిచిన వేలికి ఎడమ అంటే తన కుడి. మూడు వేళ్ళు జరిగితే ఎడమచేతి చూపుడు వేలు. అక్కడ క్యూ.

"క్యూ బయటికి చూస్తున్నాడు. క్యూ కి కుడివైపు రెండో స్థానంలో ఆర్ ఉన్నాడు."

చూపుడు వేలు చాపింది. చాచిన వేలికి కుడి అంటే తన కుడే. రెండు వేళ్ళు జరిగితే కుడిచేతి నడిమి వేలు. అక్కడ ఆర్.

"పి కి సరిగ్గా ఎదురుగా ఎస్ ఉన్నాడు. ఎస్ లోపలికి చూస్తున్నాడు. ఎస్ కి ఆనుకుని ఎడమవైపు టి ఉన్నాడు."

చిటికెన వేలికి ఎదురుది కుడిచేతి చూపుడు వేలు. ఎస్ అక్కడ కూర్చుని మడుచుకున్నాడు. అతని ఎడమ అంటే తన కుడి. ఒక్క వేలు జరిగితే కుడిచేతి నడిమి వేలు. అక్కడ టి.

కానీ అక్కడ ఆర్ ముందే కూర్చుని ఉన్నాడు.

ఒక వేలిమీద ఇద్దరు. నమూనా పరీక్షల్లో ఇక్కడే తడబడి, ఏదో ఒకటి సర్దేసి, తప్పు చేసేది. ఈసారి సర్దలేదు. మొత్తం మళ్ళీ చదవమంది. సుంకులమ్మ మళ్ళీ అచ్చం అలాగే చదివింది. మళ్ళీ ఒకే వేలిమీద ఇద్దరూ ఢీకొన్నారు.

ప్రశ్న తయారుచేసినవాళ్ళు ఒక కుర్చీలో ఇద్దర్ని కూర్చోబెట్టరు. తన వేళ్ళు తప్పలేదు. పి, ఎస్ ఇద్దరూ లోపలికి చూసేవాళ్ళు, వాళ్ళతో పేచీ లేదు. బయటికి చూసేవాడు ఇంతదాకా ఒక్కడే, క్యూ. నెలరోజులుగా తప్పినవన్నీ బయటికి చూసేవాళ్ళు ఉన్నవే. సరిగ్గా నెల కిందటే రహంతుల్లా సార్ బోర్డు కొట్టి మరీ చెప్పాడు, 'బయటికి చూసేవాని ఎడమను తిప్పి లెక్కేయండబ్బా!' అని. ఆరోజు ఇంటికి పోతూ వదిన, "నాకు అర్థమైందిమ్మే!" అని చేయి గట్టిగా నొక్కింది. ఎప్పుడూ లేనిది ఆ రోజంతా కూనిరాగాలు తీసింది.

చౌడేశ్వరికి అంతా తేటతెల్లమైంది. వదిన తిప్పి చదువుతోంది. ఆడబిడ్డకు కష్టం తగ్గించాలని, బయటికి చూసేవాడు వచ్చినప్పుడల్లా ఎడమను కుడి చేసి, కుడిని ఎడమ చేసి, వండి వార్చి వడ్డిస్తోంది. తను అది తిప్పని మాటే అనుకుని మళ్ళీ తిప్పి లెక్కేస్తోంది.

కోపం వచ్చింది. నెలరోజులు తన ఉంగరపు వేలిని తిట్టుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. కానీ వెనక కుర్చీ కిర్రుమంది. పర్యవేక్షకుడు ముందుకు వంగాడు. ఇక్కడ సంజాయిషీలు అడిగితే ఇద్దరినీ బయటికి పంపిస్తారు.

"ఇంకోసారి చదువు వదినా" అంది నెమ్మదిగా. "ఉన్నదున్నట్టు చదువు."

సుంకులమ్మ ఊపిరి ఆగడం వినిపించింది. తర్వాత ఒక్కో మాటా విడదీసి చదివింది.

"క్యూ బయటికి చూస్తున్నాడు. క్యూ కి... ఎడమవైపు రెండో స్థానంలో ఆర్ ఉన్నాడు."

చాచిన వేలికి ఎడమ, తన ఎడమే. రెండు వేళ్ళు వెనక్కి, ఎడమచేతి ఉంగరపు వేలు. నెలరోజులు సాధన చేసిన వేలు. ఆర్ బుద్ధిగా అక్కడ కూర్చున్నాడు. కుడిచేతి నడిమి వేలు టి కి ఖాళీ అయింది. మిగతా వాక్యాలు వినేసరికి యు, వి, డబ్ల్యు తమ తమ వేళ్ళెక్కేశారు.

"ఆర్ కి ఎదురుగా ఎవరున్నారు?"

"టి" అంది చౌడేశ్వరి. అలాగే ఐదూ చెప్పేసింది. సుంకులమ్మ నొక్కిన ప్రతిసారీ మౌస్ టక్కుమంది.

బస్టాండు దాకా సుంకులమ్మ గబగబా నడిపించుకొచ్చింది. బెంచీమీద కూర్చున్నాక ఏడుపు తన్నుకొచ్చింది. "నేనే చెడగొడ్తాంటి గదమ్మే. నీకు అల్కాగా ఉంటాదనుకుంటి. ఈ నెల పరీక్షలన్నీ నా వల్లనే పాయె. ఈ రోజు గూడా పోయింటే మీ అన్న ముందర మొగం యాడ పెట్టుకుందు?"

చౌడేశ్వరి తిట్టాలనే అనుకుంది. బస్టాండు దాకా తిట్లు వరసగా పేర్చుకుంది కూడా. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"వదినా, నువ్వు తిప్పినవాటిల్లో ఒక్కటన్నా తప్పు తిప్పినావా?"

"లేదు."

"బొమ్మ గీసినావా?"

"కాగితం యాడిది? నేను చదివేదాన్నే గదా. మనసులోనే తిప్పుకుంటి, చదువుతా చదువుతానే."

"రహంతుల్లా సార్‌కు బోర్డంత బొమ్మ కావాల. నాకు ఎనిమిది వేళ్ళు కావాల. నువ్వు గాల్లో చేస్తాండావు."

సుంకులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అదేదో ఎగతాళి అనుకుంది.

ఫలితాలు వచ్చిన రోజు మద్దిలేటి పనికి పోలేదు. గడప దగ్గర నిలబడి చొక్కా గుండీలు పెడుతూ తీస్తూ ఉన్నాడు. సుంకులమ్మ ఫోన్లో హాల్ టికెట్ నెంబరు కొట్టింది. తెరమీద వచ్చింది లోలోపలే రెండుసార్లు చదువుకుంది.

"ఏందే? చెప్పు!" అని అరిచాడు మద్దిలేటి.

"ఉన్నదున్నట్టు చదువు వదినా" అంది చౌడేశ్వరి.

"కె. చౌడేశ్వరి. ఆఫీస్ అసిస్టెంట్..." ఫోను కళ్ళకు దగ్గరగా పట్టుకుని మిగతాది చదివింది. "ఎంపికైనారు."

మద్దిలేటి గబగబా వచ్చి చెల్లెలి ముందు కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏ చేతినీ వదల్లేదు. ఊదొత్తుల మాట ఎత్తి చౌడేశ్వరి అతన్ని కాసేపు బాగా ఏడిపించింది. సుంకులమ్మ పాయసం చేయడానికి లేచింది.

"పాయసం తర్వాత, కూర్చో" అంది చౌడేశ్వరి. "ఇంటి దగ్గర చదివే డిగ్రీకి ఫారాలు వదిలినారంట. ఫోన్లో తెరువు. మూడేండ్లకు అయిపోతాది, నీకు ఇరవై ఏడు. బ్యాంకు పరీక్షకు వయసుంటాది."

"నాకెందుకమ్మే? మళ్ళా నీకు ప్రమోషన్ పరీక్షలొస్తే పక్కన నేనుండొద్దా? డిగ్రీ చదివితే లేఖకురాలిగా రానీరు."

"రానీరనే చెప్తాండా" అంది చౌడేశ్వరి. "నేను వేరేవాళ్ళను చూసుకుంటా. నీ పేరు ఉన్నదున్నట్టు రాయి."

సుంకులమ్మ భర్తవైపు చూసింది. అతను చెల్లెలి చేతులు వదిలి, భార్య ఇంటర్ సర్టిఫికెట్‌ను గూట్లో వెతకడానికి లేచాడు.