తీసేశారన్న మాట

ఇరవై రెండేళ్లు ఒకే పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఆ పొయ్యి ఆరిపోయిందని చెప్పడానికి కంపెనీకి అరపేజీ కాగితం సరిపోయింది. అదీ ఇంగ్లీషులో. కూర్మయ్య ఏడో తరగతితో బడి మానినవాడు. కాగితం ఇంటికి తెచ్చి, ఇంటర్ దాకా చదివిన పెళ్లాం తాయారు చేత చదివించుకున్నాడు. కరెంటు చార్జీలు భరించలేక రెండో ఫర్నేసు ఆపేశారు, ముప్పై ఎనిమిది మందిని తీసేశారు, కంపెనీ క్వార్టరు రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. అంతే సంగతి.

గరివిడి చుట్టుపక్కల ఫ్యాక్టరీ మనుషులకి ఒక అలవాటుంది. తీసేసినవాడెవడూ తీసేశారని చెప్పడు. "నానే మానేసినాను" అంటాడు. టీ కొట్టు దగ్గరా అదే, అత్తవారింటా అదే. కూర్మయ్య కూడా నెల్లాళ్లు అదే అన్నాడు. విన్నవాళ్లు తలూపారు. ఫర్నేసు గొట్టంలోంచి పొగ రావడం లేదని ఊరంతటికీ కనిపిస్తూనే ఉంది, అయినా తలూపారు. మర్యాదంటే మనవాళ్లకి అదే కదా.

క్వార్టరుకి ఇంకో నెల గడువుండగా, ఒక పొద్దున్న క్రేన్ ఆపరేటరు ధనరాజు వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. వాణ్ణీ కూర్మయ్యతోపాటు అదే రోజు తీసేశారు.

"ఫేస్‌బుక్కులో పెట్టినాను గదా మావా, సొంత కారణాల వల్ల మానేసినాను, మంచి పనుంటే సెప్పండని. నిన్న రాయపూర్ నుంచి ఫోనొచ్చినాది."

"మరింకేటి?"

"ఎందుకు మానేసినావన్నాడు. మా మేనేజరు మర్యాద ఇవ్వడన్నాను. మా మేనేజరూ అంతేనని పెట్టేసినాడు."

లోపల అట్లు పోస్తున్న తాయారు పకపకా నవ్వింది. కూర్మయ్యకి నవ్వు రాలేదు. ఆవిణ్ణి చెయ్యి తుడుచుకుని ఫోను పట్టుకు రమ్మన్నాడు. తాను చెబుతుంటే ఆవిడ రాయాలి. ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘానికి లెక్కలు రాసేది ఆవిడే, ఫోనులో తెలుగు టైపు కొట్టడం ఆవిడకి వంట చేసినంత తేలిక.

మొదట అతను చెప్పిందాంట్లో మేనేజరు ఏసీ గది ఉంది, ఆయన కుక్కకి పెట్టిన బిస్కెట్లున్నాయి, వేడికి ఊడిపోయిన తన కనురెప్పల వెంట్రుకలున్నాయి. తాయారు అంతా కొట్టి, పైకి చదివి వినిపించింది.

"ఇది సదివినోడు నీకు పనిస్తాడా బావా, నీతోపాటు కూకుని ఏడుస్తాడా?"

"అబద్ధమేటున్నాదందులో?"

"నిజమే. నిజమైతే మాత్రం కుక్క బిస్కెట్లతో ఆడికేటి పని?"

కూర్మయ్య గడ్డం గోక్కున్నాడు. "సెరిపేయ్."

"పిల్లలు పస్తులున్నారని ఒక ముక్క రాయి మావా," అన్నాడు ధనరాజు. "జాలి పుడతాది."

"నా ఇంట్లో పస్తెవడున్నాడ్రా? ఇప్పుడే నాలుగట్లు తిన్నావు."

"ఐదు," అంది తాయారు.

మళ్లీ మొదలెట్టారు. పేరయ్యింది, అనుభవం అయ్యింది. అక్కడికొచ్చి తాయారు వేలు ఆగింది. "మానేసినానని రాయాలా, తీసేసినారని రాయాలా?"

కూర్మయ్య ఆ ఒక్క మాట బయట పడకుండా నెల్లాళ్లుగా పళ్ల మధ్య నొక్కి పట్టుకున్నాడు. కానీ తొమ్మిదేళ్లు ఫోర్‌మన్‌గా, షిఫ్టులో జరిగిందంతా లాగుబుక్కులో రాసిన చెయ్యి అతనిది. ఫర్నేసులోకి కరెంటు దింపే ఎలక్ట్రోడు విరిగితే, పోనీలే, బాగానే ఉందని రాసి దిగిపోవచ్చు. వెనక వచ్చే షిఫ్టు వాడు అది నమ్మి కరెంటు ఎక్కిస్తాడు, ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అలా రాసినవాళ్లని తను ఎన్నడూ క్షమించలేదు.

"ఇరిగితే ఇరిగిందనే రాసేవోణ్ని," అన్నాడు. "తీసేసినారనే రాయి."



పూర్తయ్యాక అది ఇలా ఉంది:

"నా పేరు ఇప్పిలి కూర్మయ్య. గరివిడి దగ్గర ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు ట్యాపింగ్ ఫోర్‌మన్‌గా. మా ఫర్నేసు ఆపేసి ముప్పై ఎనిమిది మందిని తీసేశారు. అందులో నేనొకణ్ణి. కరిగిన లోహాన్ని వేళకి బయటికి తీయించడం నా పని. నా షిఫ్టులో ఇన్నేళ్లలో ఎవరూ ఆస్పత్రి పాలు కాలేదు. ఇంగ్లీషు రాదు, లాగుబుక్కు తెలుగులో రాస్తాను. బొబ్బిలి, విశాఖ, రాయగడ, ఎక్కడికైనా వస్తాను. మనుషులు కావాలని తెలిస్తే కింది నంబరుకి చెప్పండి. నాకు సరిపడని పనైతే, మాలో సరిపడేవాడికి అందిస్తాను."

ఫేస్‌బుక్కులో పెట్టారు. ఊళ్లూ రాష్ట్రాలూ పట్టి పోయిన పాత ఫర్నేసు మనుషుల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టారు.

ఆ సాయంత్రమే కోటబొమ్మాళి నుంచి బావమరిది సోములు ఫోను చేశాడు. "తీసేసినారని ఊరూరా సాటింపు ఎయ్యాలేటి బావా? నాను ఇక్కడ నువ్వే మానేసినావని సెప్పుకుంటన్నాను."

"సెప్పుకోరా. పని దొరికితే అదీ నువ్వే ఇప్పించినావని సెప్పుకో."

మూడు రోజులు బొటనవేళ్ల బొమ్మలు వచ్చాయి, దేవుడున్నాడన్న మాటలు వచ్చాయి. ఇన్సూరెన్సు ఏజెంట్లు ఇద్దరు వచ్చారు. ఇంకెవరో వాచ్‌మన్ పనుందంటే, కూర్మయ్య అది తమతోపాటు తీసేసిన ఉయ్యాలవాడి సూరికి చెప్పాడు. నాలుగో రోజు గాజువాక నుంచి క్రేన్ నడిపేవాడు కావాలని కబురొస్తే ధనరాజుకి ఇచ్చాడు. "ఈసారి ఎందుకు మానేసినావంటే నిజం సెప్పి సావు," అని మరీ ఇచ్చాడు. ధనరాజు చెప్పాడు. వాణ్ణి రమ్మన్నారు.

కూర్మయ్యకి మాత్రం ఏమీ రాలేదు. క్వార్టరుకి ఇంక ఇరవై రెండు రోజులు. తాయారు పాత చీరల్లో గిన్నెలు మూటకట్టడం మొదలెట్టింది. అతను చూసీ చూడనట్టున్నాడు. తన పని తనకి తెలుసు, ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడికి అది కావాలి. ఆ సంగతిలో మాత్రం అతనికి అనుమానం లేదు.

ఎనిమిదో రోజు రాయగడ వైపు ఫ్యాక్టరీ నుంచి భాస్కర్ అనే ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి ఫోను చేశాడు. పార్వతీపురం మనిషట.

"మీ పోస్టు ఎవరో పంపించారండి. తీసేశారని రాశారు. నాకు ఈ నెలలో పదకొండు మంది ఫోన్ చేశారు, పదకొండు మందీ వాళ్లే మానేశారట."

"ఆళ్ల మాట నాకు తెల్దండి. నన్ను తీసేసినారు."

"సరే. మా ఫర్నేసు ఐదు నెలలు చల్లారిపోయి ఉంది. మళ్లీ వెలిగిస్తున్నాం. మూడో రోజుకల్లా పూర్తి కరెంటుతో ఫుల్ లోడు కావాలంటున్నారు ఓనరు. మీరేమంటారు?"

ఒప్పుకుంటే పని దొరికినట్టే. గిన్నెల మూట ఎదురుగా ఉంది. తాయారు గుమ్మంలో నిలబడి వింటోంది.

"అవదండి," అన్నాడు కూర్మయ్య. "ఐదు నెలలు సల్లబడ్డ ఎలక్ట్రోడు లోపల ఎక్కడెక్కడ బీటలిచ్చిందో పైకి తెల్దు. కరెంటు మెల్లిగా ఎక్కించాలి. దాన్లో కొత్తగా ఏసిన కార్బన్ పేస్టు కాలి గట్టిపడేదాకా ఎలక్ట్రోడుని కిందికి దింపకూడదు. తొందరపడితే పుటుక్కున ఇరుగుతాది. వారం పైనే పడతాది. మూడు రోజులకే కావాలంటే నన్ను పిలవకండి."

తాయారు కళ్లు మూసుకుంది.

"నేనూ అదే చెబుతున్నానండి నెలరోజులుగా," అన్నాడు భాస్కర్. "సోమవారం రండి. ఈ మాట ఓనరు ముందు మీ నోటితో చెప్పాలి. మీకు క్వార్టరిస్తాం."

"ట్యాపింగుకి ఎంతమంది కావాలండి?"

"నలుగురు."

"కాగితం తీసుకోండి, పేర్లు సెప్తాను. అందర్నీ తీసేసినారు."

పేర్లు చెప్పి, ఫోను పెట్టేసి, కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగాడు.

"క్వార్టరిస్తానన్నాడు," అన్నాడు.

"ఇన్నాను," అంది తాయారు. గిన్నెల మూట ముడి బిగిస్తూ మళ్లీ అంది: "నీళ్లు లోపలికొస్తాయా, బయట పట్టుకోవాలా? అదడగనేదేటి?"