మూడు గొంతులు, పదకొండు మంది

తాతయ్య దగ్గర ఉన్నవి మూడే గొంతులు: లావుది, సన్నది, ముక్కుతో మాట్లాడేది. మనవరాలికి చదివి వినిపించే నవలలో మనుషులు పదకొండు మంది. పొదుపుగా వాడుకుంటే సరిపోతాయిలే అనుకున్నాడు.

ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు చూసిన మనిషి. అక్కడ ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దేవారు; కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి పలకాల్సిందే. ఆ అలవాటు కొద్దీ మొదటిరోజు, "ఓడ కదిలింది కామా గాలి వీచింది ఫుల్‌స్టాప్" అని చదివితే, ఐదేళ్ల మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటినుంచి కామా దగ్గర చిన్న ఊపిరి, ఫుల్‌స్టాప్ దగ్గర పెద్ద ఊపిరి, కథలో ఎవరైనా తలుపు తెరవబోతుంటే అసలు ఊపిరే లేదు.

అధ్యాయాలు ఏరేదీ ఆయనే. పిల్ల బడిలో ఉండగా ముందే ఒకసారి చదివిపెట్టుకునేవాడు. తెరచాపల కొలతలతో నిండిన మూడో అధ్యాయాన్ని రెండు ముక్కల్లో చెప్పి దాటేశాడు. సాయంత్రం నాలుగున్నరకు సోఫా మీద కళ్లద్దాలు ముక్కు మీదికి తోసుకుని, వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పుతూ మొదలుపెట్టి, ఐదింటికి, పిల్ల చెవులు నిక్కబొడుచుకున్న చోట చూసి పుస్తకం మూసేవాడు.

చిక్కు తొమ్మిదో అధ్యాయంలో వచ్చింది. ఓడలోని దిక్సూచి కొట్టేసి పారిపోయిన దొంగకు రెండో అధ్యాయంలో ముక్కు గొంతు ఇచ్చాడు. ఇప్పుడు లైట్‌హౌస్ కాపలా ముసలాయన కొత్తగా దిగాడు. లావు గొంతు కెప్టెన్‌ది, సన్నది వంటవాడిది. ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. దొంగ కనబడి వారం దాటిందిగా, పిల్లకేం గుర్తుంటుందిలే అని ముక్కు గొంతు తీసి ముసలాయనకు తగిలించాడు.

పిల్ల దిగ్గున లేచి కూర్చుంది.

"ఆగు తాతయ్యా! వీడే వాడు!"

"ఎవరే?"

"దొంగ! ముసలాడి వేషం వేసుకొచ్చాడు. మాట వింటే తెలియట్లా? నువ్వేం చెప్పకు, నాకు తెలిసిపోయింది."

ఐదింటికి కూతురు ఆఫీసు నుంచి రాగానే పిల్ల వాళ్లమ్మ మెడకు వేలాడి చెవిలో ఈ రహస్యం ఊదింది. కూతురు ముఖం వెలిగిపోయింది. "కథ చెబుతుంటే మీ అమ్మాయి వినకుండా కిటికీలోంచి బయటికి చూస్తుందండీ అని మొన్నే టీచర్ అంది, నాన్నా. ఇప్పుడు చూడు, దొంగనే పట్టేసింది!"

తాతయ్య మాత్రం పుస్తకంలో ముందు పేజీలు తిప్పి చూసుకున్నాడు. పన్నెండో అధ్యాయంలో దొంగా ముసలాయనా ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని నాలుగు పేజీలు మాట్లాడుకుంటారు.

వంటింట్లోకి వెళ్లి కూతురికి సంగతంతా చెప్పాడు.

"దాటెయ్ నాన్నా. మూడోది ఎగ్గొట్టలేదూ?"

"అవి కొలతలమ్మా. ఇక్కడ దిక్సూచి చేతులు మారుతుంది. ఇది లేకపోతే మిగతా కథంతా కుంటుతుంది."

"అయితే ముసలాయన్నే దొంగని చేసెయ్. రాసినాయన వచ్చి అడుగుతాడా?"

"ఆయన అడగడు. రేపు దీనికి చదవడం వస్తే ఇదే అడుగుతుంది."

"సరే, దాని ముఖం చిన్నబోతే మాత్రం నువ్వే చూసుకో."

మర్నాడు పొద్దున స్నానాల గదిలో నాలుగో గొంతు కోసం నానా తంటాలు పడ్డాడు. మేక అరుపులాంటిదేదో వచ్చింది. పక్కింటావిడ తలుపు తట్టి, "ఒంట్లో బాగానే ఉందా బాబాయిగారూ?" అని అడిగింది. దాంతో ఆ ప్రయత్నం మానేశాడు.

నాలుగున్నరకు పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు కానీ తెరవలేదు.

"అమ్మలూ, దొంగ వేరు, ముసలాయన వేరు. నా దగ్గర గొంతులు అయిపోయి ఇద్దరికీ ఒకటే ఇచ్చాను. తప్పు నాది. నీ చెవి మాత్రం సరిగ్గానే విన్నది."

పిల్ల కింది పెదవి కొంచెం ముందుకు వచ్చింది. ఏ పుస్తకంలోనూ తాను ఇంత పొడుగు విరామం ఇవ్వలేదనిపించింది ఆయనకు.

"అంటే... నేను పట్టుకుంది దొంగని కాదా? నిన్నా?"

"నన్నే."

"తాతయ్య దొరికిపోయాడోచ్!" సోఫా మీద మూడు గెంతులు గెంతింది. గెంతడం అయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు దొంగగానే ఉండు. ముసలాయన్ని నేను చేస్తా."

దానికి చదవడం రాదు కనుక ముసలాయన మాట వచ్చినప్పుడల్లా తాతయ్య చెవిలో చెప్పాలి, అది పైకి అనాలి అని ఒప్పందం కుదిరింది. పదీ పదకొండూ అయ్యాక, మూడోరోజు సాయంత్రం పన్నెండో అధ్యాయం మొదలైంది. దొంగ దిక్సూచి బల్లమీద పెట్టి, "ఇది నీకెందుకు ముసలోడా?" అని ముక్కుతో అడిగాడు. తాతయ్య వంగి జవాబును మనవరాలి చెవిలో వేశాడు.

పిల్ల వెంటనే అనలేదు. లేని కళ్లద్దాలు ముక్కు మీదికి తోసుకుంది. వేలు నాలుకకు అద్దుకుంది. "ఎహ్హెం" అని గొంతు సవరించుకుని, కిటికీ వైపు ఒక చూపు చూసి, మళ్లీ కళ్లద్దాలు తోసుకుంది.

అప్పుడే లోపలికి వచ్చిన కూతురు భుజం మీది సంచి దించకుండా, ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయింది. తండ్రి ముఖం చూసి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తర్వాత ఏమన్నాడే ముసలాయన?"

"ఉండమ్మా," అంది పిల్ల. "ఊపిరి తీసుకుంటున్నాడు."