పద్నాలుగు ఫోన్లు

ఆ రోజు నాకు మొదట అర్థం కానిది ఆ ఇద్దరూ కూర్చున్న తీరు. చిత్తూరు కోర్టు గోడ పక్కన నా షెడ్డు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్ళకు ఒక బెంచీ. ఆ కొసన యాభై ఏళ్ళ మగమనిషి, ఈ కొసన ఆయన ఈడుకు దగ్గరగా ఉన్న ఆడమనిషి. మధ్యలో ముగ్గురు పట్టేంత ఖాళీ. వేర్వేరు పనుల మీద వచ్చిన వాళ్ళనుకుని, "ముందెవరు?" అని అడిగాను.

"ఇద్దరమూ ఒకటేనప్పా" అన్నాడాయన.

"ఒకటి కాదు. ఆయప్ప నగరి బస్సులో వచ్చినాడు, నేను వడమాలపేట నుంచి వచ్చినా" అంది ఆమె.

ముప్పై ఏళ్ళుగా ఇక్కడ అర్జీలు టైపు చేస్తున్నాను. వేర్వేరు బస్సుల్లో వచ్చిన మొగుడూ పెళ్ళాం అంటే నాకు తెలిసిన కేసు ఒక్కటే. విడాకుల కాగితం తెరిచి పేర్లు చెప్పమన్నాను. ఆయన పేరు దేవేంద్ర, నగరిలో మరమగ్గాలు. ఆమె పెంచలమ్మ. ఎన్నేళ్ళ కాపురమని అడిగితే ఆయనకు కోపం వచ్చింది.

"అది యాంటికప్పా? షేర్ల బ్రోకరుకు లెటరు రాయల్ల. తప్పుగా వేసిన చార్జీలు వెనక్కి వేసి స్టేట్‌మెంట్ ఇమ్మని రాయి."

తెరిచిన కాగితం మూసేశాను. ఎంత చార్జీ అని అడిగితే ఎనిమిది వందల ఇరవై ఆరు అన్నాడు. అంత మొత్తానికి రెండు ఊళ్ళ నుంచి రెండు బస్సులెక్కి నా దగ్గరికి రావడమేమిటో నా బుర్రకు ఎక్కలేదు. నగరిలో కంప్యూటర్లు లేవా అన్నాను.

"కోర్టు కాడ రాసిన కాగితమైతేనే నమ్ముతానని నేనే చెప్పినా" అంది పెంచలమ్మ. "ఆయప్ప ఫోన్లో చూపించేవి నేను నమ్మను. అప్పుడు కూడా ఇట్లనే ఫోన్ చూపించి లాభం, లాభం అన్నాడు. ఒకనాడు రెండు మగ్గాలు అమ్మి కట్టల్లన్నాడు. నా మగ్గాలన్నా అవి. మా నాయన పెట్టిచ్చినవి."

దేవేంద్ర తల వంచుకున్నాడు. మిగతా కథ ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. మగ్గాలు పోయాక మళ్ళీ షేర్ల జోలికి పోనని కూతురి మీద ఒట్టు పెట్టాడట. ఫిబ్రవరిలో ఉన్న షేర్లన్నీ అమ్మేశాడు, డబ్బు బ్యాంకులో పడింది, బ్రోకరు దగ్గర ఖాతాలో సున్నా మిగిలింది. మే నెలలో ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోను మోగింది. మీ ఖాతాలో రూ. 826 బాకీ ఉంది, కట్టకపోతే వడ్డీ పడుతుందని మెసేజ్. పెంచలమ్మ చదివింది. కూతురు భానుశ్రీ చేత ఖాతా తెరిపించింది. ఏప్రిల్ మూడో వారంలో పద్నాలుగు పద్దులున్నాయి. అన్నిటి ఎదురుగా ఒకటే మాట: ఫోన్ ద్వారా ఆర్డరు పెట్టినందుకు చార్జీ. ఆర్డరుకు యాభై, దాని మీద జీఎస్టీ తొమ్మిది.

"పద్నాలుగు సార్లు ఫోన్ చేసినాడంట. మగ్గాల షెడ్డులో నిలబడి చేసింటాడు. ఆ చప్పుడులో నాకు యాడ వినబడతాది?" అంది.

"నేను చేయలేదు మొర్రో అంటే వినదప్పా. ఫోన్లో కాల్ లిస్టు చూపించినా. తుడిచేసినావు అంటాది. ఏప్రిల్లో నా ఖాతాలో ఒక్క లావాదేవీ కూడా లేదని యాప్ చూపించినా. ఆ తెరని నేను నమ్మను అంటాది. బట్టలు సర్దుకొని సెల్లెలింటికి పొయ్యింది."

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఇది ఎనిమిది వందల గొడవ కాదని. ఆయన ఫోన్ చేశాడా లేదా అన్నది తేలితే ఆమె నగరి వెళుతుంది, తేలకపోతే వెళ్ళదు. ఆమె ఆ మాట అంత సూటిగానే చెప్పింది.

ఇంగ్లీషులో లెటరు టైపు చేశాను. క్లయింటు కోడు, తేదీలు, పద్నాలుగు పద్దులు వరుసగా పెట్టాను. ఈ ఆర్డర్లు నేను పెట్టలేదు, చార్జీలు తప్పుగా వేశారు, వెనక్కి వేసి మీ స్టేట్‌మెంట్ ఇవ్వండి అని ముగించాను. కంపెనీ రికార్డులో ఉన్న మెయిల్ నుంచే పంపాలన్నాడు దేవేంద్ర. ఆయన సంతకం తీసుకుని, స్కాన్ చేసి, ఆయన ఫోన్ నుంచే పంపించాం.

నాలుగు రోజులకు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మళ్ళీ రెండు బస్సుల్లోనే. జవాబు రెండు లైన్లు. మీరు కోరిన స్టేట్‌మెంట్ జతచేశాం, మీ ఫిర్యాదు ముగించాం, ధన్యవాదాలు. జతచేసింది తెరిచాను. అదే ఖాతా పట్టీ. అవే పద్నాలుగు పద్దులు, ఈసారి కంపెనీ ముద్రతో.

"ఇదేందప్పా, ఏమి రాసినావు నువ్వు?" అని దేవేంద్ర నా మీద పడ్డాడు.

"స్టేట్‌మెంటే కదయ్యా అడగమన్నావు?"

అక్కడే బయటపడింది మా ఇద్దరి తికమక. ఆయనకు స్టేట్‌మెంట్ అంటే ఖాతా పట్టీ, అందులో ఆ చార్జీలు కొట్టేసి ఉండాలి. కోర్టు దగ్గర బతికే నాకు స్టేట్‌మెంట్ అంటే వాంగ్మూలం. జరిగింది జరిగినట్టు వాళ్ళ నోటితో చెప్పాలనుకుని రాశాను. కంపెనీవాళ్ళు రెండూ ఇవ్వలేదు. పెంచలమ్మ ఆ కాగితం అందుకుని ముద్ర మీద వేలు పెట్టింది. "ఇప్పుడు వాళ్ళు కూడా చెప్పేసినారు" అంది. దేవేంద్ర ముఖం పాలిపోయింది. ఆ పాపంలో నాకూ భాగముంది కాబట్టి నాకు సిగ్గు వేసింది, సిగ్గు వేస్తే నాకు కోపం వస్తుంది.

ఆ కోపంతోనే రెండో లెటరు కొట్టాను. కస్టమర్ కేర్ పై అధికారికి. ఖాతా పట్టీ మాకు అక్కర్లేదు, చార్జీలు తీసేయండి, లేకపోతే షేర్ల బ్రోకర్ల మీద అజమాయిషీ చేసే సెబీ ఫిర్యాదుల పోర్టల్‌కు వెళతాం అని రాశాను. వారానికి దేవేంద్ర ఒక్కడే ఫోన్ చేశాడు, గొంతులో సంతోషం. "పడింది చక్రధరప్పా! ఎనిమిది నూర్ల ఇరవై ఆరు జమ పడింది! ఇప్పుడు నా ఖాతాలో సున్నా."

మర్నాడు పెంచలమ్మతో కలిసి వచ్చాడు, కంపెనీ పంపిన జవాబు ఆమెకు చదివి వినిపించాలని. నేనూ హుషారుగానే చదవడం మొదలుపెట్టాను. విలువైన కస్టమరుగా మీ మీద గౌరవంతో, మా సద్భావానికి గుర్తుగా, ఈ ఒక్కసారికి మినహాయింపుగా మొత్తం తిరిగి జమ చేస్తున్నాం. చదువుతుంటేనే నా గొంతు తగ్గింది.

"ఈ ఒక్కసారికి అంటే?" అంది పెంచలమ్మ.

ఆ వాక్యం మళ్ళీ చదివాను.

"అంటే ఫోన్లు చేసినాడు, పోనీలే అని వదిలేసినారు. అంతే కదన్నా? చెయ్యనోడిని క్షమించేదేముండాది?"

"తప్పు నాదైతే వాళ్ళు దుడ్డు యాల ఇస్తారే?" అని దేవేంద్ర అరిచాడు.

"నీ పోరు పడలేక ఇచ్చినారు. నేను మగ్గాలు ఇచ్చినట్టు."

ఆమె మాటలో తర్కం ఎక్కడ తప్పిందో నేను వెతికాను, దొరకలేదు. ఆయన నిజం చెబుతున్నాడో లేదో కూడా నాకు తెలియలేదు. వచ్చిన రోజు నుంచి ఆయన్ని నమ్ముతూనే ఉన్నానా, లేక ఫీజు తీసుకున్నాను కాబట్టి నమ్మినట్టు రాస్తున్నానా? ఆ సందేహం వచ్చాక కూర్చోలేకపోయాను. బయటికి పోయి మూడు టీలు తెచ్చాను. పెంచలమ్మ తాగలేదు.

"దేవేంద్రా, ఒక మాట అడుగుతా. నిజం చెప్పు. నువ్వు చేసింటే ఇప్పుడు రాయబోయేది నిన్నే ముంచుతుంది. రాయమంటావా?"

"రాయి" అన్నాడు.

మూడో లెటరు ఆ కంపెనీలో నిబంధనల సంగతి చూసే కంప్లయన్స్ ఆఫీసరుకు రాశాను. స్టేట్‌మెంట్ అన్న మాట ఎక్కడా వాడలేదు. మీ సద్భావం మాకు వద్దు. ఫోన్‌లో తీసుకున్న ప్రతి ఆర్డరుకూ మీ దగ్గర రికార్డింగ్ ఉండాలి. ఈ పద్నాలుగు ఫోన్ల రికార్డింగులు మాకు పంపండి. లేకపోతే ఈ మనిషి ఫోన్ చేయలేదని స్పష్టంగా రాసి, చార్జీలు తప్పుగా వేసినవని ఒప్పుకుని, సరిచేసిన ఖాతా పట్టీ, ఏప్రిల్ ఒకటి నుంచి నేటి వరకు ఈ ఖాతాలో జరిగిన లావాదేవీల పట్టీ ఇవ్వండి. ఈ లెటరుకు నేను ఫీజు తీసుకోలేదు. జాలితో కాదు, నాకే తెలుసుకోవాలని ఉంది.

పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో దేవేంద్ర నాకు తొమ్మిది సార్లు ఫోన్ చేశాడు. నిజంగా తప్పు చేసినవాడైతే ఇన్నిసార్లు చేస్తాడా అని ఒక పూట, భయంతోనే చేస్తున్నాడేమో అని ఇంకో పూట అనుకున్నాను. మా ఆవిడ చంద్రకాంతమ్మ, ఊరోళ్ళ మొగుడి గురించి నువ్వెందుకింత నిద్ర చెడగొట్టుకోవడం అని మందలించింది.

జవాబు వచ్చిందని చెప్పి, మెయిల్ తెరవకుండానే ఇద్దరూ వచ్చారు. పెంచలమ్మే చదవమంది. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసుకుని తెలుగులో చెప్పాను.

"మా రికార్డులన్నీ పరిశీలించాం. ఈ ఖాతాదారు నుంచి గాని, ఆయన నంబరు నుంచి గాని ఆ తేదీల్లో మాకు ఒక్క ఫోను కూడా రాలేదు. ఆ పద్నాలుగు ఆర్డర్లు వేరే ఖాతాదారు పెట్టినవి. మా శాఖలో చార్జీల పట్టిక ఎక్కించేటప్పుడు క్లయింటు కోడులో ఒక అంకె తప్పు పడింది. చార్జీలు ఈయన ఖాతాలో తప్పుగా వేశాం. సద్భావం పేరుతో ఇచ్చిన జమను తప్పు సవరణగా మార్చాం. సరిచేసిన ఖాతా పట్టీ జతచేశాం. ఏప్రిల్ ఒకటి నుంచి ఈ ఖాతాలో కొనుగోళ్ళు, అమ్మకాలు లేవు. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

దేవేంద్ర లేచి నిలబడ్డాడు. "సూసినావా? సూసినావా?" అన్నాడు. నేను కూడా నవ్వాను. అంత సంతోషం నాకు గెలిచిన కేసుల్లో కూడా కలగలేదు.

పెంచలమ్మ నవ్వలేదు. "ఇంకోసారి చదువన్నా. వేరే ఖాతాదారు అన్న కాడ."

చదివాను.

"ఆ చార్జీలు ఇప్పుడు ఆ ఇంకో ఆయప్పకు పడతాయి కదా?"

"పడతాయమ్మా. ఆయన చేసిన ఫోన్లే కదా."

"ఇన్నాళ్ళూ మా ఖాతాలో పడినాయి. అంటే ఆయప్ప ఖాతా పెండ్లాం చూసింటే అంతా శుభ్రంగా కనబడింటాది" అంది. "ఆయమ్మకింకా తెలీదు కదన్నా?"

నిలబడ్డ దేవేంద్ర కూర్చున్నాడు, ఈసారి ఆమె పక్కన. ఆమె జరగలేదు.

"వాళ్ళ పేరు రాసినారా ఇందులో?"

"రాయరమ్మా. రాయకూడదు."

"రాసింటే ఫోన్ చేసి చెప్పేదాన్ని" అంది పెంచలమ్మ. మగ్గాలు పోయినప్పుడు గాని, పుట్టింటివాళ్ళ ముందు గాని కంటతడి పెట్టలేదని దేవేంద్ర నాతో ఎన్నోసార్లు గొప్పగా చెప్పిన ఆ మనిషి, ముక్కూ మొహం తెలియని ఎవరి కోసమో నా బెంచీ మీద కూర్చుని ఏడ్చింది.