పొద్దున ఏడింటికి డెలివరీ

2009లో ఒక శుక్రవారం మధ్యాహ్నం సారపాకలోని రహీమున్నీసా బేకరీ నుంచి మణుగూరు బొగ్గు గనుల కంపెనీ కాలనీల్లోని పాత కస్టమర్లందరికీ మెసేజ్ వెళ్లింది. మాటలు తెలుగు, అక్షరాలు ఇంగ్లీషు. మెసేజ్ పంపే సైటు నూట నలభై అక్షరాలకు మించి తీసుకోదు. అందుకని రహీమున్నీసా దాన్ని రెండు ముక్కలుగా పంపింది.

మొదటి ముక్క: "సోమవారం నుంచి డెలివరీ సాయంత్రం కాదు, పొద్దున 7 నుంచి 9. ఆర్డర్ ముందు రోజు సాయంత్రం 5 లోపు."

రెండో ముక్క: "జీపు సీరియల్ వల్ల ఇన్నాళ్లు ఆలస్యం, క్షమించండి. ఇక మా సొంత వ్యాన్."

రెండో ముక్క వద్దని పంపకముందే ఆమె తమ్ముడు పర్వేజ్ అన్నాడు.

"ఆపా, టైం మారిందని చెప్తే సాలదా? జీపోళ్ల ముచ్చట ఎందుకు?"

"మూడేండ్ల సంది అబద్ధం చెప్పిన. కరెంటు పోయిందన్న, పొయ్యి చెడిపోయిందన్న. ఇయ్యాల నిజం చెప్పనీయి."

బేకరీకి వెబ్‌సైటు ఉంది. కాలనీల్లో కంప్యూటర్లున్న ఇళ్లవాళ్లు అందులో ఆర్డర్ పెడితే ఆమె మెయిలుకు వచ్చేది. డబ్బు సరుకు అందాకే. కేకులు, బ్రెడ్డు అట్టపెట్టెల్లో పెట్టి, జీపుల స్టాండుకు చేర్చేవారు. స్టాండులో సీరియల్ ఉంటుంది. ముందు వచ్చిన జీపు ముందు పోవాలి, నిండాకే కదలాలి. సరుకు కూడా సీరియల్లో ఉన్న బండికే ఎక్కించాలి. ఎండాకాలం ఆ బండి నిండేలోపు కేకు మీది క్రీము కారి పెట్టె అడుగు తడిసేది. పుట్టినరోజు అయిపోయాక కేకు చేరిన ఇళ్లున్నాయి. అందుకే పాత ఓమ్నీ వ్యాను కొన్నారు.

ఆ సాయంత్రమే ఒక ప్రయాణికుడు జీపులో కూర్చుని మెసేజ్‌ను పైకి చదివాడు. "మీ సీరియల్‌కు దండం పెట్టిందిర బేకరీ ఆమె" అన్నాడు. జీపులో అందరూ నవ్వారు. స్టీరింగు దగ్గరున్న సోమ్లా నవ్వలేదు. తిరిగొచ్చి, జీపుల స్టాండుకు పెద్ద అయిన జైరాంకు చెప్పాడు.

జైరాం శనివారం బేకరీకి వచ్చి, ఒక బన్ను తీసుకుని తింటూ మాట్లాడాడు.

"ఏంది ఆపా, నీ కేకులకు పెండ్లి బండి కావాల్నా? జీపులల్ల మనుషులు పోతున్నరు. కేకు పోలేదా?"

"మనిషి కరగడు జైరాం."

"బండి కొంటె కొనుక్కో. మా పేరెందుకు రాసినవ్? ఇయ్యాల నువ్వు రాస్తివి, రేపు కిరాణపోడు రాస్తడు, ఎల్లుండి మందుల దుకాణపోడు. స్టాండుల పద్నాలుగు బండ్లున్నయి. వాటి కిస్తీలు ఎవరు కడ్తరు?"

"నేను అబద్ధం రాయలే."

"నిజమని రాసినవ్ గద. మళ్ల ఇంకోటి రాయి. పాత టైమే, జీపులనే అని."

"కస్టమర్లకు మాటిచ్చిన. రాయను."

జైరాం బన్ను ముక్కను బల్ల మీద పెట్టి పోయాడు.

సోమవారం తెల్లవారాక పర్వేజ్ పదకొండు ఆర్డర్లతో బయలుదేరాడు. మణుగూరు చేరడానికి కొద్ది దూరం ముందు, అడవిలో వాగు కల్వర్టు దగ్గర నీలం జీపు రోడ్డుకు అడ్డంగా ఉంది. పక్కన రెండు మోటారు సైకిళ్లున్నాయి. జైరాంతో పాటు ముగ్గురున్నారు. వాళ్లలో సోమ్లా జీపు డ్రైవింగ్ సీట్లో ఉన్నాడు.

వాళ్లు వ్యాను ముందు అద్దం పగలగొట్టారు. తలుపు తెరిచి పర్వేజ్‌ను కాలరు పట్టి కిందికి లాగారు. జాకీ రాడ్డుతో మోకాలి మీద కొట్టారు. అతను చెయ్యి అడ్డం పెడితే చేతి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు సోమ్లాకు జీపులోకి వినిపించింది. తర్వాత కడుపులో తన్నారు. ఒకడు పెట్టెలను రోడ్డు మీదికి విసిరి కాళ్లతో తొక్కాడు.

"సాలు" అన్నాడు జైరాం. పర్వేజ్ జేబులోంచి ఫోను తీసి రహీమున్నీసాకు కలిపాడు.

"నీ తమ్ముడు వాగు కల్వర్టు కాడ, నీలం జీపు ముంగట రోడ్డు మీద పడున్నడు. మెసేజ్ పెట్టు. పాత టైమే అని. మీ వాళ్లందరికీ పెట్టు, నా నంబరుకు గూడ పెట్టు. అది నా ఫోనుకు రానీ, దవాఖానాకు తీస్కపోతం."

"వాణ్ని మాట్లాడనీయి."

జైరాం ఫోను పర్వేజ్ నోటి దగ్గర పెట్టాడు. ఊపిరి వినిపించింది. మాట రాలేదు.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. సైటు తెరుచుకుంది. మొదట జైరాం నంబరు ఒక్కటే కొట్టి, "డెలివరీ పాత టైమే, జీపులోనే" అని పంపింది. అందరికీ పోయిందని జైరాం అనుకుంటాడని ఆమె లెక్క. తర్వాత కస్టమర్ల గ్రూపు ఎంచుకుంది. ఆ గుంపుకు ఇలా రాసింది:

"వాగు కల్వర్టు దగ్గర పర్వేజ్‌ను జైరాం కొట్టి చంపుతున్నడు. నీలం జీపు. దాన్ని వదలకండి."

పంపు బటను నొక్కింది. అప్పుడు మణుగూరు పోలీసు స్టేషనుకు ఫోను చేసింది. నక్సలైట్లు తిరిగే అడవిలోకి పోలీసు జీపు పోవాలంటే పై ఆర్డరు కావాలన్నారు.

కల్వర్టు దగ్గర జైరాం ఫోను మోగింది. చదివి జేబులో పెట్టుకున్నాడు. పర్వేజ్ నోట్లోంచి రక్తం వస్తోంది.

"సోమ్లా, మణుగూరు దవాఖానాకు తోలు. యాక్సిడెంటు అని చెప్పు."

పర్వేజ్‌ను జీపు వెనక పడుకోబెట్టారు. జైరాం, మిగతా ఇద్దరు మోటారు సైకిళ్ల మీద సారపాక వైపు పోయారు. సోమ్లా ఒక్కడే జీపు నడిపాడు. దారిలో ఒకసారి ఆపి సీసాలో నీళ్లు పర్వేజ్ నోట్లో పోశాడు.

దవాఖానాకు పోయే దారి కాలనీ గేటు ముందు నుంచి పోతుంది. షిఫ్టు మారే వేళ. బస్సు కోసం నిలబడ్డవాళ్లలో చాలామంది ఫోన్లకు మెసేజ్ వచ్చి ఉంది. కొందరు అప్పటికే కల్వర్టు వైపు బండ్లు తీస్తున్నారు. నీలం జీపు కనిపించగానే ఒకడు స్కూటరును దాని ముందు అడ్డం పడేశాడు.

సోమ్లాను కిటికీలోంచి లాగారు. తలను బానెట్టుకు కొట్టారు. కింద పడ్డాక హెల్మెట్లతో, టిఫిను క్యారియర్లతో కొట్టారు. ఒకరి చెయ్యి అలసిపోతే ఇంకొకరు ముందుకొచ్చారు.

"లోపల మనిషుండు సారూ" అని సోమ్లా అన్నాడు. రెండోసారి అనేలోపు పళ్లు రాలాయి. వెనక టార్పాలిన్ కట్టి ఉంది. దాన్ని ఎవరూ ఎత్తలేదు.

ఆ పూట కేకు రావాల్సిన ఇంటామె హేమలత. కాలనీ బడిలో టీచరు. ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి గుంపు జీపును తిరగేయడానికి ఊపుతోంది. టార్పాలిన్ కింది నుంచి చెయ్యి జారి బయటికి వేలాడింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని అరిచింది. గుంపు ఆగింది. పర్వేజ్‌ను కంపెనీ అంబులెన్సులో దవాఖానాకు తీసుకెళ్లారు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి తీసేశాడు. కడుపులో రక్తస్రావం అన్నాడు. కొంచెం ముందు తెస్తే ఆపరేషను చేసేవాళ్లమన్నాడు.

రహీమున్నీసా ఆటోలో వచ్చింది. తమ్ముడి మొహం మీది గుడ్డ తీసి చూసింది, మళ్లీ కప్పింది. పక్క వార్డులో సోమ్లా ఉన్నాడని, పోలీసులు కాపలా ఉన్నారని హేమలత చెప్పింది.

"నేను చూస్త మేడం."

"వద్దు అక్కా."

రహీమున్నీసా పక్క వార్డులోకి వెళ్లింది. సోమ్లాకు ఒక కన్ను మూసుకుపోయి ఉంది. రెండో కంటితో ఆమెను గుర్తుపట్టాడు.

"కొట్టేటప్పుడు నేను జీపు దిగలే ఆపా. ఆపనూ లేదు."

ఆమె మంచం దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

"నీళ్లడిగిండు. పోసిన. జల్దీనే తోలిన. గేటు దాటితే దవాఖానే."

"వాడు బతికుండెనా, గేటు కాడ?"

"ఉండె. ఆపా అన్నడు."

ఆమె మంచం ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది.

"నీలం జీపును వదలొద్దని నేనే రాసిన సోమ్లా" అంది.

పోలీసు స్టేట్‌మెంటు రాసుకోవడానికి కాగితాలు తీశాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, మొదటి మెసేజ్ నుంచి చెప్పడం మొదలుపెట్టింది.